వంద ఆర్డర్లొచ్చినా జేబుకు చిల్లే!

‘సరుకు కొనక్కర్లేదు, గోడౌన్ అక్కర్లేదు, ఫోన్ ఒక్కటి చాలు’ అంటూ సాగే డ్రాప్‌షిప్పింగ్ రీల్స్ మీ కంటపడే ఉంటాయి. ప్లేస్‌మెంట్ రాని సెమిస్టర్‌లో అవి మరీ ఎక్కువ కనిపిస్తాయి! జూనియర్లు నాకు పంపే స్క్రీన్‌షాట్లన్నింటిలోనూ ఒకటే ఉంటుంది: డ్యాష్‌బోర్డులో Total sales అనే పెద్ద అంకె. అది అమ్మకం మాత్రమే, లాభం కాదు. ఇంకా చెప్పాలంటే, క్యాష్ ఆన్ డెలివరీ ఆర్డరైతే అది పూర్తయిన అమ్మకం కూడా కాదు. ఎవరో ‘పంపండి, చూద్దాం’ అన్నారంతే.

ఈ తేడా ఎంత ఖరీదైందో ఒక లెక్క వేసి చూద్దాం. అంకెలు ఉదాహరణకే. మీ సప్లయర్, మీ కొరియర్ రేట్లు వేసుకుని మళ్లీ మీరే లెక్కకట్టుకోండి.

కూరగాయలు తరిగే చాపర్ ఒకటి ఎంచుకున్నారనుకోండి. సప్లయర్ రేటు రూ.220, మీ వెబ్‌సైట్లో రూ.599. ఒక్కో దానిపై రూ.379 మిగులుతుందని రీల్‌లో చెబుతారు. మీరు ఇన్‌స్టాగ్రామ్‌లో యాడ్ పెట్టారు. ఒక్కో ఆర్డర్ రావడానికి యాడ్ ఖర్చు రూ.130 పడింది. వంద ఆర్డర్లకు రూ.13,000. దానిపై 18 శాతం జీఎస్టీ కలిపితే రూ.15,340. ఈ డబ్బు ఒక్క పార్సిల్ కదలకముందే మీ కార్డు నుంచి వెళ్లిపోతుంది.

ఇప్పుడు ఆ వందమందికీ ఫోన్ చేశారు. పదిమంది ‘మా పిల్లలు నొక్కేశారండీ’ అనో, అసలు ఫోన్ ఎత్తకో తప్పుకున్నారు. తొంభై పార్సిళ్లు బయల్దేరాయి. కొరియర్ చార్జీ, క్యాష్ వసూలు ఫీజు కలిపి ఒక్కోదానికి రూ.80 చొప్పున రూ.7,200. వాటిలో 27 వెనక్కి వచ్చేశాయి. వెనక్కి తెచ్చినందుకు ఒక్కోదానికి రూ.60, అంటే మరో రూ.1,620. డెలివరీ అయినవి 63. వాటి సరుకు ఖరీదు రూ.13,860. అందులో ఐదుగురు పగిలిందనో, బ్లేడు తెగట్లేదనో తిప్పి పంపారు. ఆ పికప్‌లకు రూ.500. చివరికి మీ చేతికి డబ్బొచ్చింది 58 చాపర్ల మీదే: రూ.34,742. మొత్తం ఖర్చు రూ.38,520.

వంద ఆర్డర్లు తెచ్చినందుకు మీకు దక్కింది రూ.3,778 నష్టం. వెబ్‌సైట్ అద్దె ఇందులో కలపలేదు. మీరు కట్టాల్సిన జీఎస్టీ కూడా కలపలేదు. సొంత వెబ్‌సైట్ ద్వారా వేరే రాష్ట్రానికి వస్తువులు అమ్మితే, టర్నోవర్ ఎంత తక్కువైనా సరే, జీఎస్టీ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. ఈ ముక్క రీల్స్‌లో పెద్దగా వినిపించదు.

మరి ఎక్కడ దెబ్బ తగిలింది? వెనక్కి వచ్చిన ఆ 27 దగ్గర. కొరియర్ భాషలో దీన్ని ఆర్‌టీవో అంటారు (లైసెన్సులిచ్చే ఆర్‌టీవో కాదు, ‘రిటర్న్ టు ఆరిజిన్’). అదే లెక్కలో 27 బదులు 14 మాత్రమే వెనక్కి వచ్చి ఉంటే, మిగతావన్నీ అలాగే ఉంచి చూడండి: రూ.1,929 మిగిలేది. అంటే పదమూడు పార్సిళ్లే మీ వ్యాపారాన్ని నష్టంలోంచి లాభంలోకి తిప్పుతాయి. ఆ లాభం కూడా ఎంత? వందమందికి ఫోన్లు చేసి, ఫిర్యాదులు విని, రెండు వేలు కూడా కాదు.

పార్సిల్ ఎందుకు వెనక్కి వస్తుందో చూడండి. రాత్రి పదకొండుకు రీల్ చూస్తూ ఆర్డర్ పెట్టిన మనిషికి, ఆరో రోజు మధ్యాహ్నం డెలివరీ బాయ్ ఫోన్ చేసేసరికి ఆ సరదా ఉండదు. ముందు పైసా కట్టలేదు కాబట్టి వద్దనడానికి అతనికి ఖర్చూ లేదు. ‘రామాలయం వెనక వీధి’ అని రాసిన అడ్రస్‌కు ఇంటి నంబరుండదు. కొన్నిసార్లు డెలివరీ బాయ్ వెళ్లకుండానే ‘కస్టమర్ అందుబాటులో లేరు’ అని నమోదు చేస్తాడు. కొరియర్ ప్యానెల్‌లో NDR అనే పేజీ ఉంటుంది. డెలివరీ కాని పార్సిళ్లు అక్కడే కనిపిస్తాయి. కారణం చూసి వెంటనే కస్టమర్‌తో మాట్లాడి, మళ్లీ పంపమని చెప్పకపోతే పార్సిల్ తిరుగు ప్రయాణం మొదలుపెడుతుంది. పడుకున్నా డబ్బొస్తుందని చెప్పిన వ్యాపారంలో రోజూ పొద్దున్నే చేయాల్సిన పని ఇది!

ఇంకో చిక్కు, డబ్బు తిరిగే వేగం. యాడ్ డబ్బు ఈరోజే కోత పడుతుంది. క్యాష్ ఆన్ డెలివరీ సొమ్మును మాత్రం కొరియర్ కంపెనీ డెలివరీ తర్వాత కొన్ని రోజులాగి మీ ఖాతాలో వేస్తుంది. ప్రయాణం ఐదారు రోజులు కలుపుకొంటే దాదాపు రెండు వారాలు. రూ.20,000తో మొదలెట్టినవాళ్లకు ఆర్డర్లు పెరిగితేనే చేతిలో డబ్బు ముందు అయిపోతుంది. అప్పుడే స్నేహితుల దగ్గర అప్పు, క్రెడిట్ కార్డు మొదలవుతాయి.

ఇక ఫిర్యాదులు. మీరు ఆ చాపర్‌ను ఎప్పుడూ ముట్టుకోలేదు. మూత పగిలి వచ్చిందని కస్టమర్ ఫొటో పెడితే, సప్లయర్ ‘అన్‌బాక్సింగ్ వీడియో ఉందా?’ అంటాడు. కస్టమర్ దగ్గర వీడియో ఉండదు. మధ్యలో మీరు. కానీ కస్టమర్‌కు కనిపించే పేరు మీదే. 2020 నాటి ఈ-కామర్స్ వినియోగదారుల రక్షణ నిబంధనల ప్రకారం లోపమున్న వస్తువునో, ప్రకటనలో చూపినట్టు లేనిదాన్నో తిప్పి తీసుకోనని విక్రేత అనడానికి లేదు. ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో చెప్పాలి, నెలలోగా పరిష్కరించాలి. ‘సరుకు నాది కాదు, సప్లయర్‌ది’ అనే మాట కస్టమర్ దగ్గర చెల్లదు. పైగా కొన్నవాళ్లు ఇచ్చే ఫీడ్‌బ్యాక్ బాగా పడిపోతే ఫేస్‌బుక్ మీ పేజీ యాడ్లకు కోత పెడుతుంది. మీకేమో యాడ్ తప్ప వేరే దారి లేదు.

రీసెల్లింగ్‌లో యాడ్ ఖర్చు ఉండదు కదా అంటారా? నిజమే, అక్కడ చిక్కు వేరు. 2015లో మొదలైన మీషో తొలి రోజుల్లో వాట్సాప్‌లో చీరల ఫొటోలు పంపే రీసెల్లర్ల మీదే పెరిగింది. తర్వాత నేరుగా కొనుగోలుదారులకే అమ్మడం మొదలైంది. అంటే మీరు రూ.100 కలిపి పంపిన చీరను మీ పిన్ని అదే యాప్‌లో అసలు ధరకు చూడగలదు. యాప్ తెలియకపోయినా ఫొటోతో వెతికితే నిమిషంలో దొరుకుతుంది. రంగు తేడా వస్తే ఫిర్యాదు కస్టమర్ కేర్‌కు పోదు, పెళ్లిలో అందరి ముందూ మీకే చేస్తారు. తెలిసినవాళ్లు అయిపోయాక కొత్తవాళ్లను వెతకాలంటే మళ్లీ యాడ్ దగ్గరికే రావాలి.

అయినా ప్రయత్నిస్తానంటే, యాడ్ పెట్టకముందు ఆ వస్తువును సప్లయర్ నుంచి మీ ఇంటికే మూడుసార్లు తెప్పించుకోండి. ఎన్ని రోజులు పట్టింది, ప్యాకింగ్ ఎలా ఉంది, మూడూ ఒకేలా ఉన్నాయా చూడండి. తర్వాత ఒకదాన్ని కావాలనే తిప్పి పంపి, డబ్బు వెనక్కి రావడానికి ఎన్ని ఫోన్లు చేయాల్సొచ్చిందో రాసుకోండి. ఆ అనుభవం రేపు మీ కస్టమర్‌కూ ఎదురయ్యేదే.

కోర్సు అమ్మేవాళ్లు కనిపిస్తే Total sales అడగొద్దు. డెలివరీ శాతం ఎంత, వెనక్కి వచ్చినవి ఎన్ని, ఆ నెల యాడ్ బిల్లెంత అని మూడు కాగితాలు అడగండి. రూ.4,999 కోర్సుకు ఆర్‌టీవో ఉండదు, కొరియర్ చార్జీ ఉండదు, డబ్బు ముందే వస్తుంది. చాపర్ కంటే కోర్సు అమ్మడం ఎందుకు హాయో మీకే అర్థమవుతుంది.