‘వారానికి 6 మాత్రలు’: మందు కాగితం తెలుగులో దాగిన ప్రమాదం

‘వారానికి 6 మాత్రలు వేసుకోవాలి.’ ఈ వాక్యంలో అక్షరదోషం లేదు. వ్యాకరణం సరిగ్గానే ఉంది. దీన్ని మళ్ళీ ఇంగ్లీషులోకి తిప్పి మూలంతో పోల్చినా ఎవరికీ పెద్ద తేడా కనిపించదు. కానీ కీళ్లవాతానికి మెథోట్రెక్సేట్ వాడే మనిషి చేతిలో ఈ కాగితం పెడితే ప్రాణం మీదికి రావచ్చు.

ఈ మందును కీళ్లవాతానికీ, సోరియాసిస్‌కీ వారంలో ఒక్క రోజే ఇస్తారు. డాక్టరు వారానికి 15 మిల్లీగ్రాములు రాశారనుకుందాం. దుకాణంలో దొరికింది 2.5 మిల్లీగ్రాముల మాత్ర. అంటే ఆ ఒక్క రోజు ఆరు మాత్రలు వేసుకోవాలి. ‘వారానికి 6 మాత్రలు’ అన్న వాక్యం చదివిన కూలి మనిషి ఏం చేస్తుంది? సోమవారం నుంచి శనివారం దాకా రోజుకొకటి వేసుకుని, ఆదివారం మానేస్తుంది. అది తెలివితక్కువతనం కాదు. మనం రాసిన తెలుగుకు అదే సహజమైన అర్థం. ఆరు మాత్రలు ఒకేసారి మింగమంటే ఎవరికైనా అనుమానం వస్తుంది, రోజుకొకటి అంటే రాదు.

లెక్క వేస్తే రెండూ 15 మిల్లీగ్రాములే. ప్రమాదం మాత్రం ఒకటి కాదు. కణాలు విభజన చెందడానికి కావలసిన ఫోలేట్‌ను ఈ మందు అందకుండా చేస్తుంది. ఎముక మజ్జ, నోటి లోపలి పొర, పేగుల లోపలి పొర వేగంగా కొత్త కణాలు పుట్టించే చోట్లు. వారంలో ఒక రోజు దెబ్బ తగిలితే మిగతా ఆరు రోజుల్లో అవి కోలుకుంటాయి. రోజూ కొంచెం కొంచెం పడుతుంటే కోలుకునే వ్యవధే దొరకదు. ఈ మందు విషయంలో ఎంత పడిందన్న దానికంటే ఎన్ని రోజులు పడిందన్నదే ఎక్కువ ముఖ్యం. తెల్ల రక్తకణాలు పడిపోతాయి, నోరంతా పుండ్లవుతుంది, ఇన్‌ఫెక్షన్ వస్తే ఒంటికి తట్టుకునే శక్తి ఉండదు.

నేను ఫార్మసీ పాఠాలు చెబుతాను. రోగులకు ఇచ్చే కాగితాల తెలుగు సరిచూసే పని కూడా కొన్నేళ్లుగా చేస్తున్నాను. ఆ పనిలో స్థిరపడిన అభిప్రాయం ఒకటి చెప్పడానికే ఈ వ్యాసం. ఇంగ్లీషు వాక్యంలో ఉన్నదంతా తెలుగులోకి వచ్చిందా అన్నది మందు కాగితానికి సరైన పరీక్ష కాదు. రోగి ఏ రోజు, ఏ మాత్రలు, ఎన్ని వేసుకుంటారో ఆ తెలుగు తేల్చి చెప్పాలి. తేల్చడానికి కావలసిన సమాచారం ఇంగ్లీషులోనే లేకపోతే దాన్ని డాక్టరును అడిగి రాబట్టే హక్కు అనువాదకులకు ఉండాలి. ఇప్పుడు ఆ హక్కు లేదు. ఫైలు వస్తుంది, పదానికింత అని లెక్కకడతారు, ఫైలు పోతుంది.

‘వారానికి ఒకసారి’ అంటే సరిపోదా అని విద్యార్థులు అడుగుతారు. కొంత మెరుగే. కానీ మన దేశంలో మందుల చీటీ రాసే పద్ధతే రోజు లెక్క మీద నడుస్తుంది. మందుల కవరు మీద ఒకటి-సున్నా-ఒకటి అని రాసి, పొద్దున ఒకటి రాత్రి ఒకటి అని నోటితో చెబుతారు. ఆ మూడంకెల్లో వారానికి చోటెక్కడ? దాంతో ‘ఒకసారి’ అన్న మాట ‘రోజుకు ఒకసారి’గా మారిపోతుంది. పక్కనే బీపీ మాత్ర, గ్యాస్ మాత్ర రోజూ వేసుకునేవే ఉంటే ఇక చెప్పనక్కరలేదు.

తెలుగు లిపిలో ఇంకో ఉచ్చు ఉంది. ‘రోజు’కూ ‘రోజూ’కూ తేడా ఒక్క దీర్ఘం. మాట్లాడేటప్పుడే కాదు, రాసేటప్పుడు కూడా చాలామంది ఆ దీర్ఘం వదిలేస్తారు. ‘వారంలో ఒక రోజు 6 మాత్రలు వేసుకోవాలి’ అన్న వాక్యం నిర్దోషంగానే ఉంది. చిన్న కాగితం మీద అచ్చు వేసినప్పుడు ‘వారంలో ఒక’ అన్నంతవరకూ పై వరుసలో ఉండిపోయి, కింది వరుస ‘రోజు 6 మాత్రలు వేసుకోవాలి’ అని మొదలైతే? వేలు పెట్టి మెల్లగా చదువుకునే వాళ్లకు ఆ కింది వరుసే ఆదేశం. అచ్చు నమూనా చూడకుండా అనువాదం అయిపోయిందని సంతకం పెట్టకూడదని నేను పట్టుబట్టేది ఇందుకే.

దీనికి మందు రోజు పేరు రాయడం. యూరోపియన్ మెడిసిన్స్ ఏజెన్సీ 2019లో ఈ మందు పొరపాట్ల మీద ప్రత్యేక చర్యలు ప్రకటించింది. పెట్టె మీద హెచ్చరిక, రోగి దగ్గర ఉంచుకునే కార్డు వాటిలో ఉన్నాయి. రోగితో మాట్లాడి వారంలో ఏ రోజో తేల్చుకుని, ఆ రోజు పేరును చీటీ మీద పూర్తిగా రాయమని బ్రిటన్ ఔషధ నియంత్రణ సంస్థ 2020లో డాక్టర్లకు చెప్పింది. మన దగ్గర రోజు పేరు రాయడంలోనూ ఒక తిరకాసు ఉంది. గురువారాన్ని కొన్ని జిల్లాల్లో బేస్తవారం అంటారు, కొన్ని చోట్ల లక్ష్మివారం అంటారు. తెలంగాణలో ఆదివారం ఐతారం. ఊరి సంత ఏ రోజో, ఉపవాసం ఏ రోజో కూడా చూడాలి. కాబట్టి రోజును అనువాదకులు ఎంచలేరు. కాగితంలో ఖాళీ గీత వదిలి, రోగి నోటి నుంచి వచ్చిన పేరును అక్కడ రాయించాలి.

మాత్రను ఏమనాలో కూడా తేల్చుకోవాలి. బిళ్ళ, గోలి, మాత్ర మూడూ తెలుగే. ‘సేవించవలెను’, ‘వైద్యుని సంప్రదించవలెను’ అని రాసే కాగితాలకు మాత్రం గోలి తెలుగు కాదు. ఎవరి ఇంటి మాట ప్రామాణికం, ఎవరి ఇంటి మాట యాస అన్నది ఈ పోర్టల్ పాఠకులకు కొత్తగా చెప్పనక్కరలేదు. మందు కాగితంలో ఆ పెత్తనానికి వైద్యపరమైన ఫలితం ఉంటుంది, అంతే. నేను ‘మాత్ర (గోలి)’ అని ఒకసారి రాసి, ఆ తర్వాత మాత్ర అనే కొనసాగిస్తాను. ఒకే కాగితంలో ఒకచోట మాత్ర, ఇంకోచోట బిళ్ళ అంటే అవి రెండు మందులనుకునే వీలుంది.

ఇక కొలతలు. ‘6 మాత్రలు’ అని అంకె మాత్రమే రాస్తే వచ్చే నెల చిక్కు వస్తుంది. ఇదే మందు 10 మిల్లీగ్రాముల మాత్రగా కూడా అమ్ముతారు. దుకాణంలో 2.5 లేక 10 ఇచ్చారనుకోండి, కాగితం చూసుకుని ఆరు వేసుకుంటే 15 బదులు 60 మిల్లీగ్రాములు లోపలికి పోతాయి. అలాగని ‘15 మి.గ్రా.’ అని మాత్రమే రాస్తే ఎన్ని మాత్రలో ఇంట్లో లెక్క కట్టుకోవాలి. రెండూ కలిపి రాయాలి, మారితే ఏం చేయాలో కూడా రాయాలి. 2.5ను ‘రెండున్నర’ అని అక్షరాల్లో రాయకూడదు. అట్ట మీద ఉన్న అంకెనూ కాగితం మీది అంకెనూ పక్కపక్కన పెట్టి బొమ్మను బొమ్మతో పోల్చినట్టు పోల్చుకోగలగాలి. పైగా ‘రెండున్నర మాత్ర’ అంటే రెండు మాత్రలూ ఒక ముక్కా అని వినబడుతుంది.

రంగుతో గుర్తు చెప్పడం ఇంకా ప్రమాదం. ఈ మందుతో పాటు వేరే రోజు వేసుకోమని ఫోలిక్ యాసిడ్ ఇస్తారు. చాలా కంపెనీల్లో రెండూ పసుపు రంగు చిన్న మాత్రలే. ‘పసుపు మాత్ర’ అన్న మాట కాగితంలో ఎక్కడా కనిపించకూడదు.

ఇవన్నీ పెట్టుకుని చూస్తే మొదటి వాక్యం ఇలా మారుతుంది. రోగి చెప్పిన రోజు బుధవారం అనుకుందాం:

‘ఈ మాత్రలు (గోలీలు) బుధవారం ఒక్కనాడే వేసుకోవాలి.
బుధవారం రాత్రి అన్నం తిన్నాక 6 మాత్రలు ఒకేసారి వేసుకోవాలి.
మిగతా ఆరు రోజులు ఒక్క మాత్ర కూడా వేసుకోవద్దు.
అట్ట మీద 2.5 అని ఉండాలి. వేరే అంకె ఉంటే డాక్టరును అడిగేదాకా వేసుకోవద్దు.’

ఇంగ్లీషులో ఒక వరుస, తెలుగులో నాలుగు. పదాల లెక్కన డబ్బులిచ్చే వాళ్లకు ఇది నచ్చదు. మూలంలో లేని వాక్యాలు చేర్చారని సమీక్షకులు ఎర్ర గీతలు పెడతారు. పెట్టనివ్వండి.

హెచ్చరికల దగ్గరికొస్తే, ‘నోటిపూత వస్తే వెంటనే వైద్యుని సంప్రదించండి’ అని దాదాపు అన్ని అనువాదాల్లో ఉంటుంది. మన ఇళ్లలో నోరు పూస్తే ఏమనుకుంటాం? వేడి చేసిందనుకుంటాం. మజ్జిగ తాగుతాం, సబ్జా నానబెడతాం, మందు మాత్రం మానం. ఈ మందు వాడే వారిలో మజ్జ దెబ్బతింటోందని ముందుగా చెప్పే గుర్తుల్లో నోటి పుండ్లు ఒకటి. కాబట్టి కాగితం ఆ నమ్మకానికి ఎదురుగా నిలబడి మాట్లాడాలి: ‘నోట్లో పుండ్లు వస్తే వేడి చేసిందనుకోవద్దు. ఈ మందు వల్ల కావచ్చు.’ జ్వరం, గొంతునొప్పి, ఊరికే కమిలిన మచ్చలు, చిగుళ్ల నుంచి రక్తం కూడా దీని పక్కనే ఉండాలి.

తర్వాత ‘వైద్యుని’ అన్న మాట. ఏ వైద్యుడు? డబ్బాలో మడిచి పెట్టే ఇంగ్లీషు కాగితం నెత్తిన అది రిజిస్టర్డ్ మెడికల్ ప్రాక్టీషనర్ కోసమే అని అచ్చు వేస్తారు. అంటే రిజిస్టరైన డిగ్రీ డాక్టరు. ఆ పేరును ఆర్ఎంపీ అని కుదిస్తే మన పల్లెల్లో అర్థం తిరగబడుతుంది. ఇక్కడ ఆర్ఎంపీ అంటే డిగ్రీ లేకుండా ఊళ్లో సూదులు వేసే ఆయన. కష్టకాలంలో అందుబాటులో ఉండేది ఆయనే, ఆయన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. కానీ జ్వరానికి ఆయన కోట్రైమాక్సజోల్ మాత్ర ఇచ్చే అవకాశం ఉంది. మెథోట్రెక్సేట్‌తో అది కలిస్తే రక్తకణాలు ప్రాణాంతకంగా పడిపోవచ్చు. అందుకే కాగితం ఇలా చెప్పాలి: ‘ముందు ఈ మాత్రలు ఆపండి. అదే రోజు ఆస్పత్రికి వెళ్లి రక్తపరీక్ష చేయించుకోండి. జ్వరానికి ఎవరు ఏ మందు ఇచ్చినా ముందు ఈ కాగితం చూపించండి.’ ఆపడం మొదట, వెళ్లడం తర్వాత. ఇంగ్లీషు వాక్యక్రమం ఎలా ఉన్నా సరే.

‘గర్భిణులు వాడరాదు’ అన్నది కూడా ఇలాంటిదే. గర్భం నిలిచిందని ఇంకా తెలియని స్త్రీ తనను గర్భిణి అనుకోదు. ‘ఈ మందు వాడుతున్నన్నాళ్లూ గర్భం రాకుండా చూసుకోవాలి, నెల తప్పితే మందు ఆపి అదే రోజు ఆస్పత్రిలో చూపించుకోవాలి’ అని రాయాలి.

ఇదంతా సరిగ్గా కుదిరిందో లేదో తెలుసుకోవడానికి తిరుగు అనువాదం పనికిరాదు, మొదటి వాక్యమే అందుకు సాక్ష్యం. ‘అర్థమైందా?’ అని అడిగినా పనికిరాదు, డాక్టరు గదిలో అందరూ అర్థమైందనే అంటారు. యూరప్‌లో మందు కాగితాన్ని ముందు మామూలు మనుషులతో చదివించి చూడాలన్న నిబంధన ఉంది. మనం దానికోసం చట్టం వచ్చేదాకా ఆగనక్కరలేదు. ఒక క్యాలెండర్, మాత్రల బదులు చింతగింజలు చాలు. కాగితం చేతికిచ్చి, ‘అమ్మా, దీని ప్రకారం ఈ నెలంతా ఏ రోజు ఎన్ని వేసుకుంటారో గింజలు పెట్టి చూపించండి’ అని అడగండి. నాలుగు బుధవారాల గళ్లలో ఆరేసి గింజలు పడి, మిగతా గళ్లన్నీ ఖాళీగా ఉండాలి. ఇంకే గడిలో ఒక్క గింజ కనిపించినా ఆమెను సరిదిద్దకండి, ఏ మాట చూసి అక్కడ పెట్టారో అడిగి, ఆ మాట మార్చండి.