పిటీ అంటే జాలి కాదు, ధర

గచా ఆటల మీద మన ప్రిపరేషన్ గ్రూపుల్లో చర్చ వచ్చినప్పుడల్లా ఒక వాదన తప్పకుండా వినిపిస్తుంది. "అందులో పిటీ సిస్టం ఉంది బ్రో. ఇన్ని పుల్స్ తర్వాత క్యారెక్టర్ గ్యారంటీగా వస్తుంది. గ్యారంటీ ఉన్నదాన్ని జూదం అని ఎలా అంటావ్?" మొదలుపెట్టాలా వద్దా అని అడిగినవాడికి ఈ ఒక్క మాటతో ధైర్యం చెప్పేస్తారు. ఈ వాదన సగమే నిజం. పిటీ ఆటగాడిని ఒక హద్దు దాటి నష్టపోకుండా ఆపే మాట వాస్తవమే. కానీ మధ్యలో లేచి వెళ్లిపోనివ్వకుండా కూర్చోబెట్టేది కూడా ఆ పిటీయే. ఆట కంపెనీలు మోసం చేస్తున్నాయని నేను ఇక్కడ అనడం లేదు. ప్రకటించిన అంకెలు నిజమే అనుకుందాం. నిజమైన అంకెలతోనే లెక్క ఎక్కడికి పోతుందో చూద్దాం.

ఈ ఆటలు తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. జపాన్‌లో నాణెం వేసి పిడి తిప్పితే బొమ్మ ఉన్న డబ్బా రాలే యంత్రాలుంటాయి. గచా అనే పేరు అక్కడిదే. ఫోన్ ఆటలో నాణెం బదులు ఆటలోని కరెన్సీ, బొమ్మ బదులు క్యారెక్టర్. ఒక్కసారి పిడి తిప్పడాన్ని పుల్ అంటారు. మనకు కావలసిన క్యారెక్టర్‌ను కొద్ది వారాల పాటు ప్రత్యేకంగా పెట్టే అరను బ్యానర్ అంటారు.

ఉదాహరణగా 2020 సెప్టెంబరులో వచ్చిన గెన్‌షిన్ ఇంపాక్ట్‌ను తీసుకుందాం. క్యారెక్టర్ బ్యానర్ వివరాల పేజీలో ఫైవ్ స్టార్ వచ్చే అవకాశం 0.6% అని ఉంటుంది. పక్కనే, గ్యారంటీని కూడా కలిపితే 1.6% అని ఉంటుంది. 90వ పుల్‌కి ఫైవ్ స్టార్ తప్పనిసరి. దీన్నే హార్డ్ పిటీ అంటారు.

చాలామంది 1.6%ని ప్రతి పుల్‌కీ ఉన్న అవకాశంగా చదువుకుంటారు. అది దీర్ఘకాలిక సగటు మాత్రమే. 1.6% అంటే సగటున 62.5 పుల్స్‌కి ఒక ఫైవ్ స్టార్ అని అర్థం. మొదటి పుల్‌కి మీ అవకాశం 0.6% మాత్రమే, యాభయ్యో పుల్‌కీ అంతే. పిటీయే లేకపోతే 90 పుల్స్ చేసినా ఒక్కటీ రాని అవకాశం 0.994^90, అంటే దాదాపు 58%. ఆ స్థితిలో ఎవరైనా విసిగి ఆట తీసేస్తారు. పిటీ అవసరం అక్కడే పుట్టింది.

ఇంకో పొర ఉంది. 90 దాకా ఆగకుండానే, దాదాపు 74వ పుల్ నుంచి అవకాశం మెట్లు మెట్లుగా పెరుగుతుంది. ఆటగాళ్లు లక్షల పుల్స్ రికార్డులు పోగేసి అంచనా కట్టింది ఏమిటంటే, అక్కడి నుంచి ప్రతి పుల్‌కీ సుమారు ఆరు శాతం చొప్పున కలుస్తూ పోతుంది. దీన్ని సాఫ్ట్ పిటీ అంటారు. 73 పుల్స్ దాకా ఏమీ రాకుండా ఉండే అవకాశం సుమారు 64%. అంటే ప్రతి ముగ్గురిలో దాదాపు ఇద్దరు ఆ మెట్ల దగ్గరికి చేరేవాళ్లే. చేరాక సగటున మరో అయిదు పుల్స్‌లో పని అయిపోతుంది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగండి. ప్రాబబిలిటీ మొదటి పాఠంలో మనందరికీ చెప్పింది ఏమిటి? నాణేనికి జ్ఞాపకం ఉండదు. వరసగా పదిసార్లు బొమ్మ పడినా, పదకొండోసారి బొరుసు పడాల్సిన బాకీ ఏమీ ఉండదు. "ఇంతసేపు రాలేదు, ఇక వచ్చేస్తుంది" అనుకోవడమే జూదగాడి భ్రమ. కానీ పిటీ ఉన్న గచాకి జ్ఞాపకం ఉంది, లోపల కౌంటర్ ఉంది. కాబట్టి "ఇంతసేపు రాలేదు, ఇక వచ్చేస్తుంది" అన్న మాట ఇక్కడ భ్రమ కాదు, నిజం. 65 పుల్స్ దగ్గర ఉన్నవాడు ఇంకొంచెం వేస్తే దొరుకుతుందని లెక్క వేసుకుంటే ఆ లెక్క సరైనదే. మామూలు జూదంలో ఆగమని చెప్పే గణితం ఇక్కడ కొనసాగించమని చెబుతుంది. అందుకే ఇంజినీరింగ్ చదివినవాళ్లమైన మనమే ఇందులో తేలిగ్గా పడతామని నా అనుమానం. ఎందుకంటే లెక్క మన పక్షానే ఉన్నట్టు కనిపిస్తుంది. నిజానికి లెక్క మన పక్షాన ఉన్నది మొదటి పుల్ వేయకముందు మాత్రమే. ఆ తర్వాత వేసే ప్రతి పుల్‌తో "ఇక్కడ ఆపేస్తే ఇప్పటిదాకా వేసింది వృథా" అన్న బరువు పెరుగుతూనే ఉంటుంది.

ఇంత చేసి 78వ పుల్‌లో ఫైవ్ స్టార్ వచ్చింది అనుకుందాం. అది మీరు కోరుకున్న క్యారెక్టరేనా? సగం అవకాశం. ఆటగాళ్లు దీన్ని ఫిఫ్టీ ఫిఫ్టీ అంటారు. ఓడిపోతే ఎప్పుడూ ఉండే పాత జాబితాలోంచి ఎవరో ఒకరు వస్తారు, కౌంటర్ మళ్లీ సున్నా. తర్వాతి ఫైవ్ స్టార్ మాత్రం ఆ బ్యానర్ క్యారెక్టరే అని గ్యారంటీ. మన చీటీలతో పోల్చి చూడండి. పాట పాడకుండా ఆగినా ఆఖరి నెలకి మన చీటీ మనకు వస్తుంది. ఇక్కడ ఆఖరి నెలకి వెళ్తే సగంమందికి పక్కవాడి స్టీలు బిందె చేతికిచ్చి, "ఇంకో చీటీ కట్టు, దాని చివర నీది ఖాయం" అంటారు.

కాబట్టి "90కి గ్యారంటీ" అన్న మాట కోరుకున్న క్యారెక్టర్ విషయంలో తప్పు. దానికి అసలైన గ్యారంటీ 180. ఒక పుల్‌కి 160 ప్రైమోజెమ్స్, అంటే 28,800. సగటు మనిషికి 62.5కి ఒకటిన్నర రెట్లు, అంటే దాదాపు 94 పుల్స్, 15,000 ప్రైమోజెమ్స్. 2024లో 5.0 వెర్షన్ వచ్చాక ఆ ఫిఫ్టీ ఫిఫ్టీ అన్నీ కలిపి 55% అవుతుందని ప్రకటించారు. ఆ లెక్కన సగటు 91 దగ్గరికి దిగుతుంది. పై హద్దు మాత్రం 180 దగ్గరే ఉంది.

ఇప్పుడు డబ్బు. పెద్ద ప్యాక్ ధర అమెరికాలో 99.99 డాలర్లు, బోనస్‌తో కలిపి వచ్చేవి 8,080. దానితో 50 పుల్స్ అవుతాయి. అంటే వంద డాలర్లు పెట్టినవాడు సాఫ్ట్ పిటీ మెట్టు కూడా ఎక్కడు. సగటు ఖర్చు దాదాపు 185 డాలర్లు, గ్యారంటీ ఖర్చు 350 డాలర్ల పైన. ఆట ఈ సంఖ్యను ఎక్కడా ఒక వాక్యంగా రాయదు. డాలర్లు ముందు జెనెసిస్ క్రిస్టల్స్ అవుతాయి, అవి ప్రైమోజెమ్స్ అవుతాయి, అవి ఫేట్స్ అవుతాయి, అవి పుల్స్ అవుతాయి. నాలుగు మలుపులు తిరిగాక ఎంత ఖర్చయిందో చూపు ఆనదు. 2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ ఆట ప్రచురణకర్త కాగ్నోస్ఫియర్‌పై పెట్టిన ఆరోపణల్లో పిల్లల గోప్యతతో పాటు అసలు అవకాశాలు, ఖర్చు అర్థం కాకుండా చేశారన్నది కూడా ఉంది. కంపెనీ 2 కోట్ల డాలర్లు కట్టడానికి, కరెన్సీ మార్పిడి రేట్లు వెల్లడించడానికి, తల్లిదండ్రుల అనుమతి లేకుండా 16 ఏళ్లలోపు వారికి ఇలాంటివి అమ్మకుండా ఉండటానికి ఒప్పుకుని రాజీపడింది.

"మనం డబ్బు పెట్టం కదా, ఫ్రీగా ఆడతాం" అనేవారికి వేరే లెక్క ఉంది. రోజువారీ కమిషన్స్ పూర్తి చేస్తే 60 ప్రైమోజెమ్స్. వాటి మీదే ఆధారపడితే సగటు క్యారెక్టర్‌కి 250 రోజులు, గ్యారంటీకి 480 రోజులు. రెండు ప్రిలిమ్స్ మధ్య దూరం కన్నా ఎక్కువ. ఈవెంట్లు, స్పైరల్ అబిస్, కొత్త ప్రాంతాల్లో పెట్టెలు తెరవడం వంటి వాటితో ఈ గడువు బాగా తగ్గుతుంది, కాదనను. కానీ అవన్నీ గంటల్లో కట్టే ధరలే. పైగా ఈవెంట్‌కి చివరి తేదీ ఉంటుంది, మన మాక్ టెస్ట్ తేదీని అడిగి రాదు.

అన్ని ఆటల పిటీ ఒకటి కాదు. గెన్‌షిన్‌లో ఈ క్యారెక్టర్ బ్యానర్‌లో మిగిలిన కౌంటర్ తర్వాతి క్యారెక్టర్ బ్యానర్‌కి వెళ్తుంది (ఆయుధాల బ్యానర్‌కి మాత్రం వెళ్లదు). బ్లూ ఆర్కైవ్‌లో పై తరగతి క్యారెక్టర్ అవకాశం 3% అని చూసి, 0.6% కన్నా ఎంత ఉదారం అనుకుంటారు. అందులో ఆ బ్యానర్ క్యారెక్టర్ వాటా 0.7% మాత్రమే. 200 పుల్స్‌కి పోగైన పాయింట్లతో కోరుకున్నది తీసుకోవచ్చు. కానీ బ్యానర్ మారితే ఆ పాయింట్లు పనికిరావు. 150 దగ్గర ఆగినవాడి గ్యారంటీ మొత్తం పోతుంది. అదృష్టం మీదే వదిలేస్తే 200 పుల్స్‌లోనూ రాని అవకాశం దాదాపు 25%. అందుకే బ్యానర్ పేజీలో పెద్ద అక్షరాల శాతం కన్నా కౌంటర్ గురించి చిన్న అక్షరాల్లో ఉండే వాక్యం ముఖ్యం.

ఇక "శాతాలు వెల్లడించారు కదా, పెద్దవాళ్లు తేల్చుకుంటారు" అనే వాదన. ఆ వెల్లడి దయతో రాలేదు. జపాన్ 2012లో ఒక సెట్ మొత్తం పూర్తి చేస్తేనే బహుమతి ఇచ్చే కంప్లీట్ గచాను చట్టవిరుద్ధమని తేల్చింది. 2017లో చైనా శాతాలు ప్రకటించాలని నిబంధన పెట్టింది. 2024 జనవరిలో దక్షిణ కొరియా ఫెయిర్ ట్రేడ్ కమిషన్ నెక్సాన్‌కి 1,160 కోట్ల వాన్ జరిమానా వేసింది. మేపుల్ స్టోరీలో ఆటగాళ్లు ఎక్కువగా కోరుకునే కొన్ని కలయికల అవకాశాన్ని చెప్పకుండా సున్నా చేశారన్నది అందులోని అభియోగం. అదే ఏడాది మార్చి నుంచి అక్కడ వెల్లడి చట్టబద్ధం.

మన దగ్గర తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో తమ గేమింగ్ చట్టాలను సవరించి ఆన్‌లైన్ పందేలను నిషేధించాయి. 2025లో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చేసింది. దాని "మనీ గేమ్" నిర్వచనం డబ్బు కట్టి, ప్రతిఫలంగా డబ్బు రూపంలో లాభం ఆశించే ఆటల చుట్టూ తిరుగుతుంది. గచా క్యారెక్టర్‌ను నియమాల ప్రకారం అమ్ముకోలేం కాబట్టి అది ఆ నిర్వచనంలో ఇమడటం కష్టమని నా చదువు. డబ్బు వెనక్కి వచ్చే ఆటను నిషేధించి, ఎప్పటికీ వెనక్కి రాని ఆటను పట్టించుకోని చట్టం ఇది. జీఎస్ 2 సమాధానంలో ఈ ఖాళీని ప్రస్తావించవచ్చు.

ఇన్‌స్టాల్ చేసే ముందు అడగాల్సింది "పిటీ ఉందా" అని కాదు. కోరుకున్న క్యారెక్టర్‌కి పూర్తి గ్యారంటీ ఎన్ని పుల్స్, కౌంటర్ తర్వాతి బ్యానర్‌కి వెళ్తుందా, డబ్బు పెట్టకుండా నెలకి ఎన్ని పుల్స్ చేతికొస్తాయి? మొదటి దాన్ని మూడో దానితో భాగించండి. వచ్చే నెలల సంఖ్య మెయిన్స్ దాటిపోతే, ఫలానా క్యారెక్టర్ కావాలన్న కోరిక లేకుండా కథ కోసం ఆడగలరేమో చూసుకోండి. గెన్‌షిన్ కథ మొత్తం ఉచితంగా వచ్చే క్యారెక్టర్లతోనే నడుస్తుంది. అలా ఆడలేం అనిపిస్తే ఆ 28,800ను మీ ఊరి ప్లే స్టోర్ ధరతో రూపాయల్లోకి మార్చి, ఆ అంకె పక్కన మీ టెస్ట్ సిరీస్ ఫీజు రాసి చూడండి.