తేయాకు గుడ్డు: ఊరింది గాని ఊరగాయ కాదు

"తేయాకు" అనే మాటను మీరెప్పుడైనా విడదీసి చూశారా? తే, ఆకు. చీనావారి మాట కూడా సరిగ్గా ఇంతే. వారికి "చా" అంటే తేనీరు, "యె" అంటే ఆకు. దానికి "దాన్", అంటే గుడ్డు, చేరిస్తే "చా యె దాన్" అవుతుంది. చీనా తీరంలోని ఫూజియన్ ప్రాంతపు పలుకుబడిలోని "తే" ఓడలెక్కి దేశాలు తిరిగితే, "చా" మెట్టదారిన పారశీకుల నోటబడి "చాయ్" అయింది. మనవాళ్ళు రెండింటికీ ఇంట్లో పీట వేశారు. తెలుగు మేష్టరు వంట రాయడానికి కూర్చుంటే ఈపాటి పదచర్చ తప్పదు మరి. గుడ్డు ముట్టని ఇళ్ళవారు ఈ వారానికి నన్ను విడిచిపెట్టి సీరియల్ పేజీకి వెళ్ళవచ్చు.

పెంకు వొలిచిన తేయాకు గుడ్డు చూడడానికి చలువరాతి గోళీలా ఉంటుంది. లేత గోధుమరంగు మీద ముదురు గీతలు చెట్టు వేళ్ళలా అల్లుకొని ఉంటాయి. చీనాలోనూ తైవాన్‌లోనూ ఇది వీధి చిరుతిండి. మా మేనకోడలు తైవాన్‌లో చదువుకుంది. "మామయ్యా, అక్కడ సందు చివర కొట్లో అడుగు పెట్టగానే ముందు అనాసపువ్వు వాసన కొడుతుంది, తర్వాతే మనుషులు కనిపిస్తారు" అంటుంది. ఆ కొట్లలో కరెంటు కుండ ఒకటి పొద్దస్తమానం వేడిగా ఉంటుంది, అందులో గుడ్లు మునిగి ఉంటాయి. ఈ కుండ సంగతి కాస్త గుర్తుంచుకోండి, మళ్ళీ పనికొస్తుంది.

ఎనిమిది గుడ్లకు లెక్క చెబుతాను. నిన్నా మొన్నా పెట్టిన గుడ్లయితే పెంకు సరిగా ఊడదు, వారం రోజులవి మేలు. చన్నీళ్ళలో వేసి పొయ్యి మీద పెట్టి, నీళ్ళు మరగడం మొదలయ్యాక సెగ తగ్గించి ఎనిమిది నిమిషాలు ఉంచండి. తీసి చన్నీళ్ళలో వేసి, చెయ్యి పట్టేపాటి చల్లబడనివ్వండి. ఇప్పుడు చెంచా వెనకవైపుతో ఒక్కొక్క గుడ్డునూ చుట్టూ తిప్పుతూ కొట్టాలి. అందమంతా ఇక్కడే ఉంది. పెంకు బీటలు వారాలి గాని రాలకూడదు. మరీ సుతారంగా తడితే నాలుగు గీతలే పడతాయి. కసితీరా కొడితే పెంకు నుగ్గయి, గుడ్డంతా ఒకే మట్టిరంగుకు తిరుగుతుంది, తెల్లసొన కూడా చిట్లుతుంది. బీట పడ్డ చప్పుడు వినబడగానే కొంచెం పక్కకు జరపడం, మళ్ళీ తట్టడం, అంతే.

ఇక పులుసు. లీటరు నీళ్ళలో సాదా సోయా సాస్ ఆరు పెద్ద చెంచాలు, రంగు కోసం డార్క్ సోయా ఒక పెద్ద చెంచా, రెండు అనాసపువ్వులు, వేలెడు దాల్చినచెక్క, పది మిరియాలు, రెండు చిన్న చెంచాల పంచదార, ఒక చిన్న చెంచా ఉప్పు వెయ్యండి. టీ ఆకు రెండు పెద్ద చెంచాలు. ఆకు అన్నాను, పొడి అనలేదు. మనం రోజూ కాచుకునే గుళికల టీపొడి రంగు బాగా ఇస్తుంది గాని, అరగంట మరిగితే చేదు, వగరు దిగిపోతాయి. అది తప్ప వేరే లేకపోతే ఒక్క చెంచా చాలు, పల్చటి గుడ్డలో మూటకట్టి వేసి పావుగంటకే తీసెయ్యండి. బీటలు వారిన గుడ్లు ఇందులో మునగాలి. చిన్న సెగ మీద అరగంట ఉంచితే చాలు. కుతకుత ఉడికిస్తే తెల్లసొన రబ్బరు బంతి అవుతుంది. పచ్చసొన చుట్టూ ఆకుపచ్చని వలయం కనిపిస్తే కంగారుపడకండి. తెల్లసొనలోని గంధకమూ పచ్చసొనలోని ఇనుమూ కలిసి చేసే పని అది, హాని లేదు.

దించగానే వొలిస్తే గీతలు పాలిపోయి ఉంటాయి. రంగుకు పెంకు అడ్డుగోడ, బీటలే దారులు. పులుసు ఆ దారుల్లో దిగి లోపలి పొరను దాటి తెల్లసొనకు పట్టడానికి ఒక రాత్రి కావాలి. ఉప్పూ వాసనా లోపలికి వెళ్ళడానికీ అంతే. అందుచేత గిన్నెను చన్నీళ్ళ పళ్ళెంలో పెట్టి చల్లార్చి, రెండు గంటల లోపల పులుసుతో సహా ఫ్రిజ్‌లోకి చేర్చండి. మర్నాడు వొలవండి.

ఎన్నాళ్ళు నిలవుంటాయి? ఈ ప్రశ్న దగ్గర మా అక్కకూ నాకూ పెద్ద వాదమే జరిగింది. మేనల్లుడు విజయవాడ నుంచి ఢిల్లీకి రైల్లో వెళుతున్నాడు. ఒక పగలూ ఒక రాత్రీ ప్రయాణం. డజను తేయాకు గుడ్లు డబ్బాలో పెట్టిస్తానంది. వద్దన్నాను.

"ఒరే తమ్ముడూ, ఆవకాయ ఏడాది ఊరుతుంది. ఇంత ఉప్పూ మసాలా పోసి ఊరవేసిన గుడ్డు ఒక్కరోజు ఆగదుట్రా?" అంది.

తప్పు అక్కది కాదు, మాటది. ఊరగాయ కూడా ఊరుతుంది, గుడ్డు కూడా ఊరుతుంది. కాని ఆవకాయలో ఉప్పు దండిగా ఉంటుంది, మామిడి పులుపు ఉంటుంది, పైన నూనె తేలుతుంది. అందులో సూక్ష్మజీవులు బతకలేవు. తేయాకు గుడ్డు పులుసులో పులుపు లేదు, ఉప్పు రుచికి సరిపడినంతే. పైగా ఉడికిన గుడ్డు మీద పచ్చిగుడ్డుకుండే సహజమైన పైపూత పోయింది, ఆ మీదట పెంకును మనమే చేతులారా పగలగొట్టాం. మామూలు ఉడికిన గుడ్డు పెంకుతో ఫ్రిజ్‌లో వారం ఆగితే, ఇది మూడు నాలుగు రోజులకు మించకూడదు. బయట రెండు గంటలు, మన ఎండాకాలంలో ఒక్క గంట.

"మరి తైవాన్ కొట్లో పొద్దున్నుంచి సాయంత్రం దాకా బయటే ఉంటాయి కదా మామయ్యా?" అని మేనకోడలు అమ్మ పక్షం చేరింది. ఉంటాయి, వేడిలో ఉంటాయి. అరవై డిగ్రీలు దాటిన వేడిలో ఆ జీవులు పెరగలేవు. ఫ్రిజ్‌లో చలి కాపాడుతుంది, కుండలో వేడి కాపాడుతుంది. రైలు పెట్టెలో డబ్బాకు రెండూ లేవు. పాడయితే వాసన వస్తుంది కదా, పారేస్తాడులే అన్న ధీమా కూడా పనికిరాదు. జిగురు, పుల్లని వాసన ఉంటే పారెయ్యవలసిందే. కాని జబ్బు చేసే క్రిములు చాలావరకు వాసన లేకుండానే పెరుగుతాయి, వచ్చే కాస్త వాసననూ అనాసపువ్వు కప్పేస్తుంది. కనుక ముక్కును కాదు, తేదీని నమ్మాలి. గిన్నె మూత మీద ఒక కాగితం ముక్క అంటించి చేసిన రోజు రాయండి. గడ్డకట్టించి దాచుదామనుకుంటారేమో, తెల్లసొన తోలులా అయి నీరు వదులుతుంది.

మిగిలిన పులుసు పారబోయక్కర్లేదు. వడగట్టి ఫ్రిజ్‌లో ఉంచి, మూడు రోజుల లోపల మళ్ళీ బాగా మరిగించి, రెండు చెంచాల సోయా, కొంచెం కొత్త ఆకు చేర్చి ఇంకొక వాయి చేసుకోవచ్చు. మూడో వాయికి మాత్రం వద్దు. రక్తపోటు ఉన్న పెద్దవాళ్ళకు ఒకటి పెట్టి ఊరుకోండి. సోయాలో ఉప్పు మనం అనుకున్నదానికన్నా ఎక్కువ.

చివరికి అక్క డబ్బాకు బదులు మూటలు కట్టింది. ఒక్కొక్క మూటలో రెండు చెంచాల ఆకు, రెండు అనాసపువ్వులు, దాల్చినచెక్క, మిరియాలు. అలాటివి ఆరు, పక్కన సోయా సీసా. గుడ్లు ఢిల్లీలోనూ దొరుకుతాయి కదా.