ఏ గంటకు పెట్టాలి?

గడచిన 28 రోజుల్లో మన ప్రేక్షకులు ఏ గంటల్లో యూట్యూబ్ చూశారో స్టూడియోలోని ఊదారంగు పట్టీలు చెబుతాయి. రంగు ముదిరిన చోట జనం ఎక్కువన్నమాట. పాలకుర్తి సోమేశ్వరుని శివరాత్రి జాతర వీడియోకు ఆ లెక్క కావాల్సిందే. జనం చేరే గంటకు కాస్త ముందే పెట్టాలి. జాతర దాటినంక ఎవరు చూస్తారు?

మరి నూరు వరి గింజలు తడిగుడ్డలో కట్టి మొలకలు లెక్కపెట్టే వీడియో సంగతి? వానాకాలం నారు పోసే ముందు రైతు దాన్ని వెతుక్కుంటూ వస్తాడు. నేటి పట్టీల్లో ఆ రైతు లేనే లేడు. ఇలాంటి పాత వీడియోను చూడండి: నెలలు గడిచినా యూట్యూబ్ సెర్చ్ నుంచే ఎక్కువమంది వస్తుంటే, గంట కోసం కాచుకోవడం వృథా. ఆ శ్రమేదో ‘వరి విత్తన మొలక పరీక్ష’ అని శీర్షిక తేటగా రాయడానికి పెట్టడం మేలు.