తెల్లకర్రకు కొలత కావాలి

షుగర్ ముదిరి నలభై అయిదేళ్లకు రెండు కళ్లూ పోయిన ఒక డీసీఎం డ్రైవర్ని అనుకుందాం. ఇల్లు మేడ్చల్‌లో, నాగ్‌పూర్ హైవేకు రెండు వీధుల లోపల. ఎత్తు 5 అడుగుల 6 అంగుళాలు. ఎవరో దయతో 40 అంగుళాల మడత కర్ర ఇచ్చారు. ఆ కర్ర అతన్ని మోరీలో పడేస్తుంది.

ఎలాగో చూడండి. నడిచేటప్పుడు కర్ర పట్టిన చెయ్యి బొడ్డుకు కాస్త కింద, ఒంటికి నడిమధ్యన ఉండాలి. అతని ఎత్తుకు అది నేల నుంచి సుమారు 36 అంగుళాలు. అక్కణ్నుంచి ఏటవాలుగా చాచితే 40 అంగుళాల కర్ర మొన చేతికి 17 అంగుళాల ముందు మాత్రమే నేలను తాకుతుంది. అదే 48 అంగుళాల కర్ర అయితే దాదాపు 32 అంగుళాలు అందుకుంటుంది. కర్రలో 8 అంగుళాలు తగ్గితే ముందుచూపు సగానికి పడిపోయిందన్నమాట. మనిషి అడుగు రెండడుగుల పైచిలుకు. పొట్టి కర్ర గుంత ఉందని చెప్పేసరికి కాలు అప్పటికే గాల్లో ఉంటుంది, ఆపుకోవడానికి వ్యవధి ఉండదు. నిలబెట్టిన కర్ర రొమ్ము ఎముక కింది కొనదాకా రావాలన్నది మామూలు కొలత. అడుగులు పెద్దవిగా వేసేవారికి ఇంకాస్త పొడవు కావాలి.

ఈ పొడవాటి కర్ర పద్ధతి పుట్టిందే పెద్దయ్యాక చూపు పోయినవారి కోసం. రెండో ప్రపంచ యుద్ధంలో కళ్లు పోయిన సైనికులకు అమెరికాలోని వ్యాలీ ఫోర్జ్ సైనిక ఆసుపత్రిలో రిచర్డ్ హూవర్ దాన్ని నేర్పాడు. ఊతకర్రను అతను తడిమి చూసే పరికరంగా మార్చాడు.

కొలత కుదిరాక అసలు చదువు మొదలవుతుంది. కుడికాలు ముందుకు పడుతున్నప్పుడు కర్ర మొన ఎడమవైపు తాకాలి, ఎడమకాలు పడుతున్నప్పుడు కుడివైపు. అంటే తర్వాతి కాలు పడబోయే చోటును కర్ర ముందే తట్టి చూస్తుంది. కొత్తవాళ్లలో కొన్ని గజాలకే ఇది తారుమారవుతుంది. కాలు, కర్ర ఒకేవైపు పడుతుంటాయి. చప్పుడు లయగానే ఉంటుంది కాబట్టి నడిచేవారికి తెలియదు. వెనక నడిచే శిక్షకుడే కనిపెట్టి, ఆపి, మళ్లీ మొదలుపెట్టించాలి. ఇంకొకటి, చెయ్యి నడిమి నుంచి పక్కకు జారితే కర్ర ఊపు ఒకవైపే ఎక్కువవుతుంది, నడక కూడా ఆ వైపే ఒరుగుతుంది. హైవే పక్కన నడిచేవాడు కుడికి ఒరిగితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు. ఊపు రెండు భుజాలకూ చెరో రెండంగుళాలు దాటితే చాలు.

మన డ్రైవర్‌కు పుట్టుగుడ్డివారికి లేని ఆస్తి ఒకటుంది. మేడ్చల్ మొత్తం అతని తలలో ఉంది. డిపో ఎటో, స్టేషన్ ఎటో కొత్తగా చెప్పనవసరం లేదు. అయితే ఆ పటమంతా కళ్లతో గీసుకున్నది. దాన్ని చప్పుళ్లతో, పాదాల కింద నేలతో మళ్లీ గుర్తుపట్టాలి. ఎడమ అంచును కర్రతో తడుముకుంటూ నడుస్తాడు. మట్టి అంచు తెగి సిమెంటు తగిలితే సందు మలుపు. కుడిచెవికి లారీల హోరు ఒకే దూరంలో వినిపిస్తుంటే దారి తప్పనట్టే. హోరు దగ్గరైతే ఆగాలి.

కర్రకు చేతకానివీ ఉన్నాయి, వాటిని దాచకుండా చెప్పాలి. నేలమీది వస్తువునే అది పట్టుకుంటుంది. ఆగిన లారీ వెనక ముఖం ఎత్తులో పొడుచుకొచ్చిన ఇనుప చువ్వలు దానికి తగలవు. అలాంటి చోట రెండో చేతిని మడిచి ముఖానికి అడ్డం పెట్టుకోవడం నేర్పుతారు. ఇక శామీర్‌పేట దగ్గర రాజీవ్ రహదారిని సిగ్నల్ లేనిచోట ఒంటరిగా దాటడం ఎవరికీ నేర్పకూడదని నా గట్టి అభిప్రాయం. పక్కనే ఇంజన్ ఆపకుండా నిలబడిన లారీ ఒక్కటి చాలు, దూరం నుంచి వచ్చే కారు చప్పుడును మింగేయడానికి. అక్కడ నేర్పాల్సింది సాయం అడగడం, సాయం చేసేవారు తన చెయ్యి పట్టుకుని లాగకుండా తానే వారి మోచేతికి పైన పట్టుకుని అరడుగు వెనక నడవడం. దాన్ని చేతగానితనం అనుకునేవారు ఆ రోడ్డును ఒకసారి కళ్లు మూసుకుని విని చూడండి.

ఈ నడక నేర్చుకోవాలంటే బంజారాహిల్స్‌లోని ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రికి పునరావాస కేంద్రం ఉంది. దృష్టి దివ్యాంగుల జాతీయ సంస్థకు బోయినపల్లి దగ్గర మనోవికాస్ నగర్‌లో ప్రాంతీయ కేంద్రం ఉంది. కానీ ఆవరణలోని చదునైన నేల మీద వచ్చిన నడక మేడ్చల్ సందుల్లో దానంతటదే రాదు. చివరి పాఠాలు ఇంటి గుమ్మం నుంచి కిరాణా దాకా, బస్‌స్టాప్ దాకా జరగాలి. శిక్షకుణ్ని అక్కడికి పంపే ఖర్చును ప్రభుత్వం కర్ర ధరతో కలిపే లెక్కగట్టాలి. కర్రలు పంచే ప్రతి శిబిరంలో నాలుగైదు పొడవుల కర్రలు, ఒక కొలత టేపు ఉండాలి. అక్కడే ఎత్తు చూసి, శిక్షకుడి ఫోన్ నంబరు, మొదటి పాఠం తేదీ ఇంటివాళ్లకు రాసిచ్చి పంపాలి.