గంప ఎత్తని మేనమామ

గత మాఘమాసంలో ఒక సాయంకాలం మా వీధిలోని పెద్దమనిషి ఒకరు శుభలేఖ పట్టుకొని మా ఇంటికి వచ్చారు. ఆయనకు యాభై ఏడేళ్లు. అంతకు అయిదు నెలల క్రితం గుండెపోటు వచ్చింది. స్టెంట్ వేశారు. చెల్లెలి కూతురి పెళ్లి పదిహేను రోజుల్లో ఉందనీ, తప్పక రావాలనీ చెప్పి, లేవబోతూ గుమ్మం దగ్గర ఆగి, "పెళ్లికూతుర్ని గంపలో మోసుకురావాలి డాక్టరుగారూ, మేనమామను కదా. ఒక్క నిమిషమే. ఫరవాలేదు కదా?" అన్నారు.

నలభై ఏళ్ల వైద్యవృత్తిలో నాకు తెలిసినదేమంటే, రోగి అసలు ప్రశ్న గుమ్మం దగ్గరే అడుగుతాడు. మళ్లీ కూర్చోబెట్టాను.

ఆయన వాదన ఇది: రోజూ తెల్లవారి నాలుగు కిలోమీటర్లు నడుస్తున్నారు, ఆయాసం లేదు, ఛాతీలో నొప్పి లేదు. నడవమని చెప్పినది డాక్టర్లే. నాలుగు కిలోమీటర్లు నడిచేవాడు ముప్ఫై అడుగులు మోయలేడా?

మోయకూడదు. ఈ తేడా తెలియకపోవడం ఆయన తప్పు కాదు. డిశ్చార్జి చీటీలో 'బరువులు ఎత్తరాదు' అని ఒక్క ముక్క రాసి మేము చేతులు దులుపుకొంటాం. బరువంటే రోగికి గుర్తుకు వచ్చేది బియ్యం బస్తా, గ్యాస్ సిలిండరు. మేనకోడలు బరువని ఎవరికి తోస్తుంది?

నడిచేటప్పుడు కాలి కండరాలు బిగుసుకొంటూ సడలుతూ ఉంటాయి. వాటిలోని రక్తనాళాలు విప్పారి రక్తానికి దారి ఇస్తాయి. గుండె ఎక్కువ రక్తం పంపవలసి వచ్చినా, ఎదురొత్తిడి అంతగా పెరగదు. బరువు ఎత్తి పట్టుకొన్నప్పుడు జరిగేది వేరు. చేతుల, భుజాల, నడుము కండరాలు బిగిసి అలాగే ఉండిపోతాయి. లోపలి రక్తనాళాలు నలిగిపోతాయి. మూసిన తలుపును తోసినట్లు గుండె ఆ ఒత్తిడికి ఎదురుగా రక్తాన్ని నెట్టవలసి వస్తుంది. పైగా బరువెత్తే ప్రతి మనిషీ తనకు తెలియకుండానే ఊపిరి బిగబడతాడు. అప్పుడు రక్తపోటు క్షణాల్లో ఎగబాకుతుంది. 1985లో కెనడా పరిశోధకులు వ్యాయామవీరుల ధమనిలోనే గొట్టం పెట్టి కొలిచారు. రెండు కాళ్లతో భారీ బరువును నెట్టేటప్పుడు వారి రక్తపోటు సగటున 320/250కి చేరింది. వారు ఆరోగ్యవంతులైన యువకులు. పెళ్లిగంప అంత బరువు కాదు, నిజమే. కానీ మోసే గుండె కూడా ఆ యువకుల గుండె కాదు. బరువు దించి ఊపిరి వదలగానే రక్తపోటు ఒక్కసారిగా పడిపోతుంది, కళ్లు తిరుగుతాయి. గంపను దించేది సరిగ్గా మండపం మెట్లపైన, హోమగుండానికి పక్కన.

ఆయన ఎకో రిపోర్టు తెప్పించి చూశాను. గుండె ఒక్కో స్పందనలో తనలోని రక్తంలో ఎంత భాగాన్ని బయటికి పంపగలదో తెలిపే అంకె ఆయనకు 38 శాతం. మామూలుగా 55 పైన ఉండాలి. అంటే గుండె గోడలో కొంత మేర మచ్చకట్టి పని మానేసింది. ఆ మచ్చ అంచుల నుంచే ప్రమాదకరమైన లయభంగాలు పుడతాయి. తెల్లవారుజాము నడకలో అది బయటపడకపోవచ్చు. హఠాత్తుగా రక్తపోటు పెరిగినప్పుడు బయటపడవచ్చు.

ఇక ఆ 'ఒక్క నిమిషం' సంగతి. ఇద్దరం కాగితం తీసుకొని లెక్క వేశాం. అమ్మాయి యాభై ఆరు కిలోలు. పట్టుచీర, నగలు, వెదురు గంప, అందులో పోసే ధాన్యం కలిపితే అరవై నాలుగు. ఇద్దరు మోస్తే తలా ముప్ఫై రెండు. ఇది చదునైన నేల మీద. మండపానికి నాలుగు మెట్లున్నాయి. మెట్లెక్కేటప్పుడు కింద ఉన్నవాడి మీదికి సగానికి మించిన భారం వచ్చిపడుతుంది. ముహూర్తం రాత్రి ఒంటిగంట దాటాక. ముందు రెండు రాత్రులు నిద్ర ఉండదు. విడిదిలో మందుల డబ్బా ఏ సంచీలో ఉందో ఎవరికీ తెలియదు. స్టెంట్ మూసుకుపోకుండా వాడే మాత్రలు, గుండె వేగాన్ని అదుపులో ఉంచే మాత్రలు సరిగ్గా ఆ రోజే తప్పుతాయి. అన్నిటినీ మించి, ఇప్పుడు మన పెళ్లిళ్లు జరిపిస్తున్నది పురోహితుడు కాదు, వీడియోగ్రాఫరు. "బాబాయిగారూ, ఒక్కసారి వెనక్కి వెళ్లి మళ్లీ రండి, నవ్వుతూ" అంటాడు. అక్కడికి నిమిషం మూడు నిమిషాలవుతుంది.

నేను తాలూకా ఆసుపత్రిలో పనిచేసే రోజుల్లో ఒక వేకువన పట్టుపంచెతో, నుదుట బొట్టుతో, భుజాన కండువాతో ఒక మేనమామను ఎడ్లబండిలో తెచ్చారు. గంప దించగానే చెమటలు పట్టాయట. "వేడికి" అన్నారు ఒకరు. "గ్యాసు" అన్నారు మరొకరు. సోడా పట్టించారు. తాళి కట్టడం పూర్తయ్యే దాకా స్తంభానికి ఆనించి కూర్చోబెట్టారు. పాపం, ఆయనే వద్దన్నాడట, శుభకార్యంలో గొడవ ఎందుకని. నా దగ్గరికి వచ్చేసరికి చేయగలిగింది ఏమీ లేకపోయింది. మండపంలో ఛాతీ పట్టేసినట్లున్నా, చల్లని చెమటలు పోసినా, నొప్పి దవడకో ఎడమచేతికో పాకినా సోడా కాదు, 108 పిలవాలి. పాటలూ మేళమూ ఆగనక్కరలేదు, అంబులెన్సు వస్తే చాలు.

ఇంత చెప్పాక ఆ పెద్దమనిషి అన్నమాట నన్ను కదిలించింది. "చావుకు భయం లేదండీ. పుట్టింటివాళ్లు చేతకానివాళ్లయ్యారని చెల్లెల్ని దాని అత్తవారు అంటారు."

నా పోట్లాట ఈ మాటతోనే. గంప మోయడం అందమైన ఆచారం. ఎత్తుకొని పెంచిన బిడ్డను చివరిసారి ఎత్తుకొని మరో ఇంటికి అప్పగించడంలో ఉన్న ఆర్ద్రత నాకూ తెలుసు. కానీ అది దేశాచారం, కులాచారం. వివాహాన్ని వివాహంగా నిలబెట్టేవి కన్యాదానం, పాణిగ్రహణం, సప్తపది. గంప లేని పెళ్లిళ్లు ఎన్నో ఇళ్లల్లో తరతరాలుగా జరుగుతున్నాయి. అక్కడ మేనమామ చేయి పట్టుకొని నడిపించి తెస్తాడు. ఆ దంపతులకు ఏ లోటూ రాలేదు. జబ్బు చేసిన మేనమామ పక్కకు తప్పుకోవడం అపశకునమని గొణిగే పెద్దలను నేనొకటి అడుగుతాను: తెర తీసే వేళకు ఆయన మండపంలో కూలిపోతే అది ఏ శకునం?

అబద్ధం చెప్పి తప్పించుకొనేవారి పైనా నాకు ఫిర్యాదుంది. ముందురోజు నడుము పట్టేసిందనో, జ్వరమనో అంటారు. బంధువులు నమ్మరు. నొచ్చుకొంటారు. నమ్మితే మరీ ప్రమాదం. నడుముకు తైలం రాసి, "ఇప్పుడు సర్దుకుందిగా, లే" అంటారు. అసలు జబ్బు తెలియకపోతే ఆ మనిషి రేపు పడిపోయినా ఏం చేయాలో పక్కవారికి తెలియదు.

అందువల్ల ఆయనకు నేను చెప్పింది: ఇవాళే చెప్పండి, చెల్లెలికే చెప్పండి. బావగారి ద్వారా కబురు పంపితే అది కబురులాగే చేరుతుంది. ఫోనులో వద్దు, వెళ్లి ఎదురుగా కూర్చోండి. జబ్బు పేరు చెప్పండి, ఎంతకాలమో చెప్పండి. చేయలేనిది ఒక్కటే చెప్పి, చేయగలిగినవి అన్నీ చెప్పండి. మాటలు వెతుక్కొంటుంటే ఇద్దరం కలిసి కూర్చాం. "అమ్మాయ్, నా గుండె ఇంకా పూర్తిగా కోలుకోలేదు. నడవగలను, కూర్చోగలను, బరువు మాత్రం ఎత్తకూడదన్నారు. గంప మన పెదనాన్న కొడుకులు ఎత్తుతారు, వాళ్లూ మేనమామలే. మధుపర్కాలు నేనే తెస్తాను. గౌరీపూజ దగ్గర నుంచి మండపం దాకా పిల్ల పక్కనే ఉంటాను. నా బదులు వాళ్లు వస్తున్నారనుకోకు, నాతో పాటు వస్తున్నారు." ఇందులో క్షమాపణ లేదు గమనించండి. క్షమాపణ మొదలుపెడితే అవతలివారు ఓదార్చడానికి "ఏం ఫరవాలేదు, కొంచెం పట్టుకో చాలు" అంటారు.

ఆ 'కొంచెం పట్టుకోవడాన్ని' కూడా నేను వద్దన్నాను. గంప అంచుపై చేయి వేసినవాడు, గంప ఒరిగిన క్షణాన తెలియకుండానే మొత్తం బరువు మీదేసుకొంటాడు. పట్టుకోదలిస్తే పెళ్లికూతురి చేయి పట్టుకోండి అన్నాను.

స్టెంట్ పడిన ప్రతివారూ జన్మంతా గంప ముట్టరాదని నా ఉద్దేశం కాదు. గుండె పంపుశక్తి బాగుండి, ఏడాది దాటి, ట్రెడ్‌మిల్ పరీక్ష నిలకడగా ఉన్నవారికి వారి వైద్యుడు అనుమతి ఇవ్వవచ్చు. ఇది ఒక్క గుండె సంగతీ కాదు. బైపాస్ అయినవారికి కోసిన ఛాతీ ఎముక అతుక్కోవడానికి రెండు మూడు నెలలు పడుతుంది, ఆలోగా పెనుగులాట వద్దు. హెర్నియా ఆపరేషన్ కొత్తలో, రక్తపోటు అదుపులో లేనప్పుడు, నడుము డిస్కు జారి కాలిలోకి నొప్పి దిగుతున్నప్పుడు కూడా వద్దు. ముందుగా వెళ్లి "అరవై కిలోల గంపలో సగం మోయవచ్చునా?" అని అంకెతో సహా అడగండి. "బరువులు ఎత్తవచ్చా?" అని అడిగితే మా జవాబు కూడా అంత మోటుగానే ఉంటుంది.

చెల్లెలు ఆ రోజు ఏడ్చిందట. గంప గురించి కాదు. అయిదు నెలల క్రితం తనకు 'చిన్న పరీక్ష' అని చెప్పి, గుండెపోటని దాచినందుకు.

పెళ్లికి నేనూ వెళ్లాను. నలుగురు కుర్రమేనమామలు గంప ఎత్తారు. ఆయన పక్కన, మేనకోడలి చేయి పట్టుకొని, మెట్ల దగ్గర ఒక్కొక్కటే చూసుకొంటూ నడిచారు. వీడియోగ్రాఫరు అలవాటుగా "మళ్లీ ఒకసారి" అన్నాడు. "ఒకసారి చాలు నాయనా" అన్నది చెల్లెలు.