బరువు తగ్గేటప్పుడు క్రియాటిన్.. తూకం చెప్పేది, రిపోర్టు చెప్పేది వేరు

"కిడ్నీలు దెబ్బతిన్నాయంటున్నారు సార్" అంటూ ఆ యువకుడు మా ఓపీకి వచ్చాడు. వయసు 31. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. వెంట వాళ్లమ్మ. ఆమె చేతిలో సంచి, సంచిలో ఓ తెల్ల పొడి డబ్బా. "ముందు ఈ పొడి మాన్పించండి" అని డబ్బా తీసి నా బల్ల మీద పెట్టింది. అది క్రియాటిన్ మోనోహైడ్రేట్. అతను జిమ్‌కు వెళ్తూ, తిండి తగ్గించుకుని బరువు తగ్గుతున్నాడు. ఆరు వారాల్లో 92 కిలోల నుంచి 88.5కి వచ్చాడు. అప్పుడు జిమ్‌లో ఎవరో "కొవ్వు త్వరగా కరుగుతుంది, కండ పోదు" అని చెబితే క్రియాటిన్ మొదలుపెట్టాడు. మూడు వారాలు గడిచేసరికి బరువు 88.1. అంటే తగ్గింది 400 గ్రాములే. డైట్ పనిచేయడం లేదనుకుని అన్నం పూర్తిగా మానేశాడు. ఈలోగా చేయించుకున్న రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.4 అని వచ్చింది. ఆరు నెలల కిందట అది 1.0. రిపోర్టు చూసిన ఒక డాక్టరు కిడ్నీ జబ్బు మొదలైందన్నారట.

నా దృష్టిలో ఇక్కడ రెండు పొరపాట్లు జరిగాయి. ఒకటి జిమ్‌లో, రెండోది మా డాక్టర్ల వైపు. ముందు జిమ్ సంగతి చూద్దాం.

క్రియాటిన్ కొవ్వును కరిగించదు. మన కాలేయం, మూత్రపిండాలు కలిసి రోజుకు దాదాపు ఒక గ్రాము క్రియాటిన్ తయారుచేస్తాయి. మాంసం, చేపలు తినేవారికి మరికొంత ఆహారంలో అందుతుంది. దాదాపు 95 శాతం కండరాల్లోనే నిల్వ ఉంటుంది. బరువు ఎత్తే ఆ కొద్ది సెకన్లలో కండరానికి తక్షణ శక్తి అందించడమే దాని పని. రోజూ 3 నుంచి 5 గ్రాములు తీసుకుంటే మూడు నాలుగు వారాల్లో ఈ నిల్వ నిండుతుంది. దాంతో పదిసార్లు ఎత్తగలిగే బరువును మరో ఒకటి రెండుసార్లు ఎక్కువ ఎత్తగలుగుతారు. అంతకు మించి అద్భుతాలేమీ జరగవు. మొదటి వారం రోజుకు 20 గ్రాములు మింగమనే సలహా కూడా అనవసరం. పొట్ట ఉబ్బరం, విరేచనాలు తెచ్చుకోవడం తప్ప కొత్తగా ఒరిగేదేమీ లేదు.

మరి కండను కాపాడుతుందంటారే? నేరుగా కాదు. తిండి తగ్గినప్పుడు శరీరం కొవ్వుతో పాటు కండనూ ఖర్చు చేస్తుంది. ఆ కండ అవసరం ఇంకా ఉందని శరీరానికి తెలియాలంటే మునుపటి బరువులే ఎత్తుతూ ఉండాలి. తక్కువ తింటున్నప్పుడు ఆ శక్తి సన్నగిల్లుతుంది. అక్కడ క్రియాటిన్ కొంచెం ఆసరా ఇస్తుంది. బరువులు ఎత్తకుండా వాకింగ్ మాత్రమే చేసేవారు బరువు తగ్గడం కోసం దాన్ని కొనడం దండగ.

ఇప్పుడు ఆ యువకుడి తూకం. అతను అంతకుముందు వారానికి దాదాపు 600 గ్రాముల చొప్పున తగ్గుతున్నాడు. తిండి, వ్యాయామం మారలేదు కాబట్టి మూడు వారాల్లో 1.8 కిలోలు తగ్గాలి. కాటా మీద తగ్గింది 0.4. మిగతా 1.4 కిలోలు ఎటు పోయాయి? క్రియాటిన్ కండరాల్లోకి వెళ్తూ నీటినీ వెంట తీసుకెళ్తుంది. మొదటి నెలలో ఒకటి రెండు కిలోలు ఇలా పెరగడం మామూలే. అది కొవ్వు కాదు. "నడుము కొలిచావా?" అని అడిగితే 102 సెంటీమీటర్ల నుంచి 99కి వచ్చిందన్నాడు. అంటే కొవ్వు తగ్గుతూనే ఉంది, కాటాకు కనిపించలేదంతే. అది తెలియక అన్నం మానేశాడు, ఎత్తే బరువులు పడిపోయాయి. కండ నిజంగా పోయే దారి అదే. అన్నట్టు, జిమ్‌లో నిలబెట్టి కొలిచే మెషిన్లు ఈ నీటిని కూడా కండ కిందే లెక్కేస్తాయి. అవి చూసి నెలలో కిలో కండ పెరిగిందని సంబరపడేవాళ్లూ ఉన్నారు!

ఇక మా వైపు పొరపాటు. క్రియాటిన్, క్రియాటినిన్ ఒకటి కావు. కండరంలోని క్రియాటిన్‌లో రోజుకు ఒకటి రెండు శాతం వ్యర్థంగా మారుతుంది. ఆ వ్యర్థమే క్రియాటినిన్. మూత్రపిండాలు దాన్ని బయటికి పంపుతాయి. అవి దెబ్బతింటే అది రక్తంలో పేరుకుంటుంది, అందుకే దాన్ని కొలుస్తాం. కానీ క్రియాటిన్ పొడి తీసుకుంటే తయారయ్యే వ్యర్థమే పెరుగుతుంది. వడపోత బాగానే ఉన్నా అంకె కాస్త పైకి వెళ్తుంది. పైగా ఈ అబ్బాయి పరీక్షకు ముందురోజు సాయంత్రం బరువులు ఎత్తాడు, రాత్రి మటన్ తిన్నాడు. అవి కూడా అంకెను పెంచేవే. పొడి సంగతి అడగకుండా ఒక్క అంకె చూసి కిడ్నీ జబ్బని చెప్పడం నాకు సమ్మతం కాదు.

అలాగని "ఏం కాదులే" అని పంపేయడమూ తప్పే. అతని బీపీ చూశాను, మామూలుగా ఉంది. మూత్రంలో అల్బుమిన్ పోవడం లేదు. పొడి రెండు వారాలు ఆపి, పరీక్షకు ముందు మూడు రోజులు బరువులు ఎత్తకుండా, ముందు రాత్రి మాంసం లేకుండా మళ్లీ చేయిస్తే క్రియాటినిన్ 1.1 వచ్చింది. సిస్టాటిన్-సి అనే పరీక్ష బయట చేయించాం. అది క్రియాటిన్ పొడితో మారదు. అదీ మామూలుగానే ఉంది. అలా కాక పొడి ఆపినా అంకె దిగకపోయినా, మూత్రంలో అల్బుమిన్ కనిపించినా కథ వేరేగా ఉండేది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, ఒకే కిడ్నీ ఉన్నవారు, షుగర్ వల్ల మూత్రంలో అల్బుమిన్ పోతున్నవారు, నొప్పి మాత్రలు తరచూ వాడేవారు దీని జోలికి వెళ్లకూడదు. శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో కారణం తేలని కిడ్నీ జబ్బు ఎందరినో పీడిస్తోంది. ఆ ప్రాంతం వారు, ఇంట్లో కిడ్నీ రోగులున్నవారు ముందే పరీక్ష చేయించుకుని గానీ మొదలుపెట్టకూడదు. తర్వాత పోల్చడానికి ఆ పాత అంకె ఉండటం మిగతావారికీ మంచిదే.

నన్ను ఎక్కువగా కలవరపెట్టింది అతని పళ్లెం. ఉదయం రెండు ఇడ్లీలు, మధ్యాహ్నం కాస్త అన్నం, పప్పు, పెరుగు, రాత్రి సలాడ్. మటన్ ఎప్పుడో వారానికోసారి. మొత్తం ప్రొటీన్ రోజుకు 50 గ్రాములు దాటదు. డబ్బా మీద వేలు ఖర్చుపెట్టాడు కానీ కండకు కావాల్సిన అసలు సరుకే లేదు. అతని ఎత్తుకు తగిన బరువు 70 కిలోలనుకుంటే కిలోకు 1.6 గ్రాముల చొప్పున 110 గ్రాముల వరకు కావాలి. ఉదయం నాలుగు గుడ్లు పెడితే 24 గ్రాములు. పచ్చిగా తూస్తే 150 గ్రాముల చికెన్‌లో 30కి పైనే. చికెన్ లేని రోజు 50 గ్రాముల ఎండు మీల్ మేకర్‌లో 25 వస్తాయి. మిగతాది పప్పు, పెరుగు, పాలతో సర్దుకోవచ్చు. అన్నం మళ్లీ మొదలుపెట్టమన్నాను, మధ్యాహ్నం ఒక కప్పు. ఖర్చయ్యేదానికంటే రోజుకు 400, 500 క్యాలరీలు తక్కువ ఉంటే చాలు. శాకాహారుల కండరాల్లో క్రియాటిన్ నిల్వ తక్కువ కాబట్టి వారికి ఈ పొడితో తేడా కాస్త ఎక్కువే తెలుస్తుంది. అయినా ముందు పప్పు, సోయా, పెరుగు లెక్క చూసుకున్నాకే దాని గురించి ఆలోచించాలి.

పరీక్షలన్నీ బాగుండటంతో రోజుకు 3 గ్రాములు తీసుకోవడానికి ఒప్పుకున్నాను. కొవ్వు కరిగించేవంటూ ఇంకేవో కలిపిన పొడి వద్దన్నాను, ప్యాకెట్ మీద క్రియాటిన్ మోనోహైడ్రేట్ ఒక్కటే రాసి ఉండాలి. వారానికోసారి ఉదయం పరగడుపున నడుము కొలవమన్నాను, ఎత్తే బరువులు పుస్తకంలో రాసుకోమన్నాను. నడుము తగ్గుతూ బరువులు నిలబడితే అంతా సవ్యమే. రెండు వారాలు వరసగా బరువులు పడిపోతుంటే తిండి మరీ తగ్గించినట్టు.

మూడు నెలల తర్వాత 82 కిలోలతో వచ్చాడు. నడుము 93. పాత బరువులే ఎత్తుతున్నాడు. వాళ్లమ్మ మాత్రం ఆ డబ్బాను ఇంకా అనుమానంగానే చూస్తోందట.